ఇంకో దారిలో తెలుస్తుందా?
(మాదాపూర్‌లో గేమ్ టెస్టర్ల మిత్రబృందం ఏర్పాటు చేసిన స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



ఈ సాయంత్రం మనం ఎవరిని తలచుకోవడానికి కూడామో ఆయన పేరు ముద్రిత పాఠంలో వాడవద్దని ఇంట్లోవాళ్లు కోరారు. కాబట్టి ఆఫీసులో పిలుచుకున్నట్టే ‘మా లీడ్’ అంటాను. మాదాపూర్‌లో మొబైల్ గేములు తయారుచేసే ఒక చిన్న సంస్థలో ఆయన టెస్టింగ్ లీడ్‌గా ఉండేవారు, నేను స్క్రీన్లు గీసేవాణ్ని. ఆయనకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలిసేది కాదు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ దాచుకోలేదు, చాటుకోనూ లేదు. ఏ కొత్త బిల్డ్ వచ్చినా మాత్రం మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగేవారు: “ఇది ఇంకో దారిలో కూడా తెలుస్తుందా?” ఆటగాడికి ఒక విషయం రంగుతో చెబితే, రంగు లేకుండా కూడా తెలుస్తుందా? చప్పుడుతో చెబితే, చెవి లేకుండా? వేలితో చేయమంటే, ఆ వేలు కదలకపోతే? ఈ ఉపన్యాసమంతా ఆ ప్రశ్న వెంటే నడుస్తుంది.

ముందు రంగు సంగతి. ఉదాహరణకు లూడో తీసుకుంటాను. ఏ గేమ్ తెలియని ఇంట్లోనూ లూడో తెలుసు, లాక్‌డౌన్‌లో తెలియనివాళ్లు కూడా ఫోన్‌లో నేర్చుకున్నారు. అందులో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం అని నాలుగు ఇళ్లు, ఇంటికి నాలుగు పావులు. పావు ఎవరిదో చెప్పేది రంగొక్కటే. నాలుగు పావులకూ ఆకారం ఒకటే, పరిమాణం ఒకటే. అంటే ఆటలోకెల్లా ముఖ్యమైన సమాచారం ఒకే దారిలో ప్రయాణిస్తోంది.

మన కంటి వెనక తెరలో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలు. పొడవైన తరంగాలకు స్పందించేవి, మధ్యరకం తరంగాలకు స్పందించేవి, పొట్టి తరంగాలకు స్పందించేవి. మొదటి రెండింటిలో ఒకటి లేకపోయినా, పక్కదానికి మరీ దగ్గరగా పనిచేసినా ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోతాయి. ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి ఈ ఇబ్బంది వాళ్లలోనే ఎక్కువ. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో ఇంచుమించు పన్నెండుమందికి ఒకరు ఇలాంటివాళ్లని లెక్క. జనాన్ని బట్టి ఈ నిష్పత్తి మారుతుంది.

ఇక ఒక లూడో బోర్డును లెక్క వేసి చూద్దాం. డిజైనర్ తొందరలో ఉంటే ఎరుపుకి #FF0000, ఆకుపచ్చకి #008000 పెట్టేస్తాడు. నేనూ అలాగే పెట్టేవాణ్ని. వెబ్ ప్రమాణాల్లో ప్రతి రంగు వెలుతురుకూ ఒక అంకె ఉంది: నలుపు సున్నా, తెలుపు ఒకటి. ఆ లెక్కన ఈ ఎరుపు 0.2126, ఈ ఆకుపచ్చ 0.1544. రెండింటి మధ్య కాంట్రాస్టు కనుక్కోవాలంటే ఒక్కోదానికీ 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలి.

```
(0.2126 + 0.05) / (0.1544 + 0.05) = 1.28
```

ఒకటి వచ్చిందంటే వెలుతురులో తేడా ఏమీ లేదని అర్థం. బొమ్మలకూ గుర్తులకూ ఆ ప్రమాణాలు అడిగే కనీసం 3. ఇక్కడ 1.28. రంగులో తేడా పట్టలేని కంటికి వెలుతురులోనూ తేడా దొరకదు. బోర్డు మీద ఎరుపు పావూ ఆకుపచ్చ పావూ పక్కపక్కన నిలబడితే మా లీడ్‌కి రెండూ ఒకే ఆవపిండి రంగు మనుషులు.

ఎరుపు, ఆకుపచ్చ అన్న పేర్లు మార్చకుండానే ఇదే బోర్డును సరిచేయవచ్చు. ఎరుపును ముదురు చేసి #8B0000, ఆకుపచ్చను లేత చేసి #90EE90 పెట్టండి. వెలుతురు అంకెలు 0.055, 0.691 అవుతాయి, కాంట్రాస్టు 7 దాటుతుంది. మామూలు చూపున్నవాళ్లకు అవి ఇప్పటికీ ఎరుపూ ఆకుపచ్చే. మా లీడ్‌కి ఒకటి ముదురు, ఒకటి లేత. ఈ సూత్రం మామూలు చూపును బట్టి కట్టింది, పొడవైన తరంగాల శంకువులు లేనివాళ్లకు ఎరుపు ఇంకా ముదురుగా కనబడుతుంది. మనం ఎరుపునే ముదురు చేశాం కాబట్టి ఇక్కడ ఆ తేడా మనకే కలిసివస్తుంది. ఎరుపును లేతగా, ఆకుపచ్చను ముదురుగా పెట్టి ఉంటే మాత్రం కాగితం మీద కనబడిన తేడా వాళ్ల కంటిదగ్గర కరిగిపోయేది.

ఇంకా తేలిక మార్గం పావు నెత్తిన గుర్తు పెట్టడం. ఒకరికి చుక్క, ఒకరికి త్రిభుజం, ఒకరికి చతురస్రం, ఒకరికి నక్షత్రం. అప్పుడు రంగు లెక్కలన్నీ అదనపు భద్రత మాత్రమే. స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. ఏ పావు ఎవరిదో చెప్పగలిగితే బోర్డు నిలబడినట్టే. మా లీడ్ ఈ పరీక్షను ఆఫీసు ప్రింటర్ మీద చేసేవారు, రంగు కార్ట్రిడ్జ్ ఎలాగూ ఎప్పుడూ ఖాళీయే కాబట్టి.

మరి ‘కలర్‌బ్లైండ్ మోడ్’ అని మెనూలో కనబడేది ఏమిటి? రెండు రకాలుంటాయి. ఒకటి, ముఖ్యమైన గుర్తుల రంగుల్ని మాత్రమే మార్చేది: శత్రువు పేరు, జోన్ గీత, స్కోప్‌లోని చుక్క, రక్తం. రెండోది, తెర మొత్తానికీ ఒక ఫిల్టర్ కప్పేది. మేనేజర్లకు రెండోదే ఇష్టం, ఎందుకంటే ఒక్క రోజు పని. కానీ ఫిల్టర్ మొత్తం బొమ్మను కదుపుతుంది. ఎరుపు-ఆకుపచ్చ జంట విడిపోతుంది గానీ, అప్పటిదాకా బాగా విడిగా ఉన్న నీలం-ఊదా జంట కలిసిపోవచ్చు. మనుషుల చర్మం వింత రంగులోకి పోతుంది. చాలామంది ఒకసారి ఆన్ చేసి, ముఖం చిట్లించి ఆఫ్ చేస్తారు. తరువాత మీటింగ్‌లో “ఆ మోడ్ ఎవరూ వాడట్లేదు” అన్న అంకె చూపిస్తారు.

ఇంకో తప్పు ఉంది, ఇది మరీ తమాషా. రంగు తేడా తెలియనివాళ్లకు లోకం ఎలా కనబడుతుందో మనకు చూపించే గణితం ఒకటుంది. అది పరీక్ష కోసం. కొందరు ప్రోగ్రామర్లు దాన్నే తెచ్చి సవరణ అనుకుని మోడ్‌లో పెట్టేస్తారు. పట్టుకోవడం సులువు. మామూలు చూపున్నవాళ్లు డ్యూటెరనోపియా మోడ్ ఆన్ చేసి చూడాలి. వాళ్ల కంటికి ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే మట్టిరంగైపోతే అది సవరణ కాదు, అనుకరణ. రంగు పట్టని మనిషికి మళ్లీ ఆ రంగులేమినే వడ్డించారన్నమాట. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లో `Simulate color space` అని ఉండేది ఈ అనుకరణే, అది మన పరీక్షకు. అదే ఫోన్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉండే `Color correction` సవరణ, అది ఆటగాడికి. ఈ రెండూ వేరని తెలియని ఆఫీసులు ఈ కారిడార్‌లో తక్కువేమీ లేవు.

చట్టం దగ్గర ఒక చిత్రమైన సంగతి చెప్పి ముందుకు వెళతాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాల జాబితా ఉంది, రంగుల అంధత్వం అందులో లేదు. కానీ ఇదే అంధత్వం కారణంగా మన ఆర్టీసీలో ఉద్యోగం పోయిన ఒక డ్రైవర్‌కు వేరే పని చూపించాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. జాబితాలో లేని ఇబ్బందికి కూడా మనిషిని బయటికి పంపడం తప్ప ఇంకో దారి ఉందా అని ముందు వెతకమంది. మా లీడ్ ఈ తీర్పు చదివి ఉంటే పెద్దగా ఆశ్చర్యపోయేవారు కాదు.

ఇక చప్పుడు. ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన భాషకు తగిలే విషయం.

అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలో రాత్రి పదింటికి నడిస్తే గది గదికీ పబ్జీ వినబడేది, ఇప్పుడు బీజీఎంఐ వినబడుతుంది. ఆ ఆటలో శత్రువు ముందు కంటికి కాదు, చెవికి తెలుస్తాడు. మెట్ల మీద అడుగులు, ఎడమ పక్క తుపాకీ, దూరంగా జీపు. చెవులు వినబడని కుర్రాడు ఆ ఆట ఎలా ఆడతాడు? ఆడతాడు. మూలనున్న చిన్న మ్యాప్ మీద అడుగుల గుర్తు, తూటా గుర్తు వస్తాయి. అవి దిక్కు చెబుతాయి. ఫోర్ట్‌నైట్ ఇంకాస్త ముందుకు వెళ్లింది. అందులో ‘విజువలైజ్ సౌండ్ ఎఫెక్ట్స్’ ఆన్ చేస్తే తెర మధ్య చుట్టూ వలయంలా గుర్తులు వస్తాయి, అడుగులకు ఒక గుర్తు, కాల్పులకు ఒకటి, పెట్టెకు ఒకటి. కన్ను మూలకు వెళ్లి రానక్కర్లేదు. ఆ మూలకు వెళ్లి రావడంలోనే చాలామంది చచ్చిపోతారు. ఆటలోనే, కంగారు పడకండి.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. సబ్‌టైటిల్స్ అంటే మాటలు రాయడం మాత్రమే అనుకుంటే సగం పనే అయినట్టు. ‘వెనక తలుపు తెరుచుకుంది’, ‘పైన అడుగులు’ అన్నవి కూడా తెర మీదకు రావాలి. మాట్లాడినవాడు ఎవరో పేరు ఉండాలి. అక్షరాల వెనక నల్ల పట్టీ ఉండాలి, లేకపోతే మంచు కొండ మీద తెల్లటి అక్షరాలు కరిగిపోతాయి. ఇవేవీ వినబడనివాళ్లకు మాత్రమే పనికొచ్చేవి కావు. యూబీసాఫ్ట్ వాళ్లు తమ ఆటల అంకెలు బయటపెట్టారు. అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్‌లో ఆటగాళ్లలో 60 శాతం మంది మెనూలోకి వెళ్లి మరీ సబ్‌టైటిల్స్ పెట్టుకున్నారు. ఆ తరువాతి ఒడిస్సీలో ముందే ఆన్ చేసి ఇస్తే 95 శాతం మంది ఆఫ్ చేయకుండా ఉంచుకున్నారు. హాస్టల్ గదిలో పక్కవాడు నిద్రపోతుంటే మనలో ఎంతమందిమి మ్యూట్‌లో ఆడలేదు?

ఇప్పుడు తెలుగు సంగతి. ఆంగ్ల సబ్‌టైటిల్స్‌కు వరుసకు 38 అక్షరాలు మించకూడదని గేమ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి. మన కుర్రాళ్లు ఈ అంకెను కోడ్‌లో అలాగే పెట్టి తెలుగుకు కూడా వాడతారు. ‘స్త్రీ’ అని రాయండి. మనకు ఒకటే అక్షరం. కంప్యూటర్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. 38 అని లెక్కపెట్టే యంత్రం తెలుగు వాక్యాన్ని సగం దగ్గరే విరిచేస్తుంది, ఒక్కోసారి అక్షరం నడుమనే విరుస్తుంది. తెలుగుకు లెక్కపెట్టాల్సింది సంకేతాల్ని కాదు, తెర మీద వెడల్పును. ఎత్తు కూడా చూసుకోవాలి. గుడి, సుడి, కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు ఉంటాయి కాబట్టి ఆంగ్లానికి సరిపోయిన వరుసల మధ్య ఖాళీలో తెలుగు పై వరుస వత్తులు కింది వరుస గుడుల్ని గుద్దుకుంటాయి. చూపు తక్కువున్నవాళ్లు సైజు పెంచుకుంటే ఈ గుద్దులాట ఇంకా పెరుగుతుంది.

అసలు అక్షరం సరిగ్గా కూడడమే పెద్ద గొడవ. తెలుగు ఫాంటులో వత్తు ఎక్కడ కూర్చోవాలో, ఏ రూపం తీసుకోవాలో చెప్పే నియమాలు ఉంటాయి. వాటిని చదివి అక్షరాన్ని కూర్చే పనిని షేపింగ్ అంటారు. ఇక్కడ చాలా చిన్న సంస్థలు వాడే యూనిటీ ఇంజన్‌లో ఏళ్ల తరబడి అందరూ వాడుతున్న టెక్స్ట్‌మెష్‌ప్రో ఆ పని చేయదు. ‘క్ష’ను క్, ష అని విడదీసి పక్కపక్కన పెడుతుంది. హిందీకీ, తమిళానికీ, బెంగాలీకీ కూడా ఇదే బాధ. గోడో ఇంజన్ 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీని తీసుకుంది, అన్‌రియల్‌లో అది అంతకుముందే ఉంది. యూనిటీ కూడా ఆరో వెర్షన్‌లో కొత్త టెక్స్ట్ వ్యవస్థతో ఆ దారికి వచ్చింది. కానీ నాలుగేళ్ల కిందట మొదలుపెట్టిన ప్రాజెక్టును ఎవరూ అంత తేలికగా కొత్త వెర్షన్‌కి మార్చరు.

చివరికి ఏం చేస్తారు? తెలుగు వాక్యాలన్నీ ఫోటోషాప్‌లో టైపు చేసి, బొమ్మలుగా మార్చి ఆటలో అతికిస్తారు. చూడ్డానికి అందంగానే ఉంటాయి. కానీ బొమ్మ సైజు పెంచితే మసకబారుతుంది, రంగు మారదు, టాక్‌బ్యాక్ దాన్ని చదవలేదు. సబ్‌టైటిల్స్ ఉన్నాయని స్టోర్ పేజీలో రాస్తారు, వాటితో అవసరం ఉన్నవాడికి మాత్రం అవి అక్కరకు రావు.

ఇంకొకటి. మాటలు టైపు అవుతున్నట్టు ఒక్కో అక్షరమే రావడం చాలామందికి ముచ్చట. యూనిటీలో `maxVisibleCharacters` అనే అంకెను పెంచుకుంటూ పోతే అలా వస్తుంది. ఆంగ్లానికి బాగుంటుంది. తెలుగులో ముందు ‘స’ వస్తుంది, తరువాత ‘స్’, ఆ పైన ‘స్త’, ‘స్త్’, ‘స్త్ర’, అప్పటికిగాని ‘స్త్రీ’ రాదు. షేపింగ్ లేని చోట ఆ ముక్కలు కూడనే కూడవు, ఉన్న చోట ఒక అక్షరం ఆరుసార్లు రూపం మార్చుకుంటూ మినుకుమినుకుమంటుంది. చదవడం నెమ్మదిగా సాగేవాళ్లకు, డిస్‌లెక్సియా ఉన్నవాళ్లకు ఇది నరకం. పరిష్కారం రెండు వరుసల పని: పదం పదంగా చూపించడం, ఈ హంగు మొత్తాన్నీ ఆపేసే బటన్ ఒకటి ఇవ్వడం.

సినిమాలకు అందుబాటు విషయంలో కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. వినబడనివాళ్లకు క్యాప్షన్లు, కనబడనివాళ్లకు ఆడియో వర్ణన ఉండాలంది. ఆటల గురించి అలాంటి కాగితం ఇంకా లేదు.

మూడో దారి చేతులు.

నాకు తెలిసిన ఒక కుర్రాడు, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. బైకు ప్రమాదంలో కుడి భుజం దగ్గర నరాల కట్ట తెగింది. చెయ్యి ఉంది, కానీ ఎత్తలేడు, వేళ్లు పట్టు ఇవ్వవు. ప్రమాదానికి ముందు స్క్వాడ్‌లో స్నైపర్. ఇప్పుడూ ఆడతాడు, ఎడమ చేత్తోనే. ఎలా ఆడతాడో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆప్షన్లంటే ఏమిటో నాకు మెనూల్లో కన్నా అతని దగ్గరే ఎక్కువ అర్థమైంది.

ఈ ఆటల్లో తెర మీదున్న ప్రతి బటన్‌నీ పట్టుకుని జరపవచ్చు, పెద్దది చేయవచ్చు, పలుచన చేయవచ్చు. అలా సర్దుకున్నదాన్ని లేఅవుట్‌గా దాచుకోవచ్చు. అతను కుడి పక్కనున్న కాల్చే బటన్‌ని, స్కోప్ బటన్‌ని ఎడమ బొటనవేలు అందుకునే చోటికి తెచ్చుకున్నాడు. నడిపే జాయ్‌స్టిక్‌ని పైకి లాగితే పరుగు లాక్ అవుతుంది, అప్పుడు వేలు ఖాళీ. గురి పెట్టడానికి జైరోస్కోప్ ఉంది, ఫోన్‌ని వంచితే తుపాకీ వంగుతుంది. ఆటో పికప్ ఆన్ కాబట్టి తూటాలు ఏరుకోవడానికి వేలు అక్కర్లేదు. పరుగు, గురి, కాల్పు అన్నీ ఒకే చేతిలోకి వచ్చాయి. ఒక్కటి మాత్రం పోయింది: పక్కకు జరుగుతూ కాల్చడం. రెండూ ఒకే బొటనవేలి పని, బొటనవేలు ఒకటే. అందుకే దగ్గరి పోరాటాలకు వెళ్లడు, దూరంనుంచే పని కానిస్తాడు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రెండు వందల గ్రాముల ఫోన్‌ని ఒక్క చేత్తో పట్టుకుని వంచుతూ అరగంట ఆడితే మణికట్టు లాగేస్తుంది. అప్పుడు ఫోన్‌ని బల్ల మీద స్టాండ్‌కు పెడతాడు. స్టాండ్ మీద పెడితే జైరోస్కోప్ పనిచేయదు, గురి మళ్లీ వేలిమీదకు వస్తుంది. కాబట్టి అతనికి రెండు లేఅవుట్లు ఉన్నాయి, ఒకటి చేతిలో ఉన్నప్పటికి, ఇంకొకటి బల్ల మీద ఉన్నప్పటికి. ఒకే మనిషికి ఒకే సాయంత్రం రెండు సెట్టింగులు అవసరమయ్యాయి. అంగవైకల్యాన్ని ఒక పెట్టెగా భావించి, ఆ పెట్టెకు ఒక ప్రీసెట్ ఇచ్చి చేతులు దులుపుకునే డిజైన్ అందుకే పనిచేయదు. మనిషికి ముక్కలు ఇవ్వండి, కూర్చుకోవడం అతనికి వచ్చు.

కంట్రోలర్‌తో ఆడే ఆటల్లో బటన్లు మార్చుకునే సౌకర్యం కన్సోల్ స్థాయిలో వచ్చి పదేళ్లే అయింది. ప్లేస్టేషన్ 4కు 2015లో వచ్చింది, ఎక్స్‌బాక్స్ వన్‌కూ అదే ఏడాది. అది ఒక మొరటు సాధనం. ఆటకు తెలియకుండా కింద బటన్లు మార్చేస్తుంది కాబట్టి తెర మీద మాత్రం “ఎక్స్ నొక్కండి” అనే వస్తుంది, మీరు నొక్కాల్సింది ఇంకోటి. ఆట లోపలే మార్చుకునే ఏర్పాటు ఉంటే ఈ సూచన కూడా మారాలి. మా లీడ్ రాసిన బగ్ టికెట్లలో ఎక్కువసార్లు తిరిగొచ్చిన బగ్ ఇదే. ఆటలో బటన్ మారింది, ట్యుటోరియల్‌లో మారలేదు. ట్యుటోరియల్‌లో మారింది, పాజ్ మెనూలో పాత బటనే. కారణం ఎప్పుడూ ఒకటే, ‘ఎక్స్’ అన్న అక్షరాన్ని ఎవరో ఒక వాక్యంలోపల చేత్తో టైపు చేసి ఉంటారు. వాక్యంలో బటన్ పేరు రాయకూడదు, ‘దూకు’ అన్న పని పేరు రాయాలి. ఆ పనికి ఇప్పుడు ఏ బటన్ ఉందో ఆట అడిగి తెలుసుకుని బొమ్మ వేయాలి. మొదటి రోజు ఇలా రాస్తే ఖర్చు లేదు. చివరి నెలలో రాయాలంటే నాలుగు వేల వాక్యాలు వెతకాలి, అప్పుడు టికెట్ మీద ‘వోంట్ ఫిక్స్’ అని పడుతుంది. ఆయన టికెట్ల మీద చాలాసార్లు పడింది.

నొక్కి పట్టుకోవాల్సిన బటన్లు, టపటపా పదిసార్లు నొక్కాల్సినవి ఇంకో తరహా అడ్డంకి. బటన్ ఎక్కడికి జరిపినా వేలికి బలం లేకపోతే లాభం లేదు. ‘పట్టుకోండి’ని ‘ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్’గా మార్చుకునే వీలుండాలి. 2020 జూన్‌లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో ఇలాంటివి అరవైకి పైగా ఉన్నాయి. చూపు ఏమాత్రం లేనివాళ్లు కూడా చప్పుడు సూచనలతో ఆ ఆటను చివరిదాకా ఆడారు. ఆ ఏడాదే ది గేమ్ అవార్డ్స్‌లో యాక్సెసిబిలిటీకి విడిగా బహుమతి మొదలుపెట్టి మొదట దానికే ఇచ్చారు.

పరికరాలూ వచ్చాయి. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన అడాప్టివ్ కంట్రోలర్‌లో పైన రెండు పెద్ద పలకలు, వెనక వరుసగా 19 సాకెట్లు ఉంటాయి. మోకాలితో నొక్కే స్విచ్, గడ్డంతో నెట్టే స్విచ్, ఏదైనా అందులో గుచ్చుకోవచ్చు. సోనీ 2023 డిసెంబరులో గుండ్రటి యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. 2017 నుంచి ఎక్స్‌బాక్స్‌లో ఉన్న కోపైలట్ నాకు వీటన్నిటికన్నా నచ్చుతుంది. రెండు కంట్రోలర్లు కలిసి ఒకే ఆటగాడిగా పనిచేస్తాయి. తమ్ముడు నడుపుతాడు, కాల్చాల్సినప్పుడు అన్న ట్రిగ్గర్ నొక్కుతాడు. మన ఇళ్లలో ఇది ఎవరికీ నేర్పక్కర్లేదు.

కానీ వీటికి ఒక గట్టి అడ్డు ఉంది, మోసం మీద భయం. బయటి పరికరంతో గురి సరిచేసుకునే మోసగాళ్లు ఉన్నారు కాబట్టి పోటీ ఆటలు తెలియని పరికరం కనబడితే అనుమానిస్తాయి. 2023 నవంబరులో ఎక్స్‌బాక్స్ అనుమతి లేని కంట్రోలర్లను ఆపేసినప్పుడు, సొంతంగా కట్టించుకున్న స్విచ్ పెట్టెల మీద ఆడేవాళ్లు గాభరాపడ్డారు. ఫోన్ మీద బటన్లు మ్యాప్ చేసే యాప్‌లు వాడితే ఖాతా పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నా దృష్టిలో దీనికి సులభ పరిష్కారం లేదు. ఒకటి మాత్రం చేయవచ్చు: ఆట లోపలే తగినన్ని ఆప్షన్లు ఇస్తే బయటి యాప్ వెతుక్కోవాల్సిన పని చాలామందికి తప్పుతుంది.

ఈ ఊళ్లో స్టూడియో ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. 2021 ఆగస్టులో ఐదు పేటెంట్లను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అందులో ఒకటి ఎపెక్స్ లెజెండ్స్‌లోని పింగ్. మాట్లాడకుండా, టైపు చేయకుండా, చూపు పెట్టిన చోట ఒక బటన్ నొక్కితే ‘ఇక్కడ శత్రువు’, ‘ఇక్కడ మందు’ అని జట్టుకు గుర్తు వెళుతుంది. వినబడనివాడికి, మాట తడబడేవాడికి, హిందీ రాని మన ఖమ్మం పిల్లాడికి ముగ్గురికీ ఒకే బటన్. రంగుల ఇబ్బందినీ కాంట్రాస్టునూ ఆటే గమనించి సరిచేసే పద్ధతులు కూడా ఆ ఐదింటిలో ఉన్నాయి. 2023 డిసెంబరులో తెర మీది మెరుపులు మూర్ఛ తెప్పించేలా ఉన్నాయేమో పరీక్షించే ఐరిస్ అనే సాధనాన్ని కూడా ఓపెన్ సోర్స్ చేసింది. పేటెంట్ ఖరీదు అన్న సాకు వీటికి లేదు.

చట్టం దిక్కు కూడా కదులుతోంది. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను పాటిస్తే పాటించండి అన్నట్టు వదిలేసిన నిబంధనను కొట్టేసి, కనీస ప్రమాణాలు తప్పనిసరిగా ఉండాలంది. కోర్టు ఆ కేసులో ఆధారం చేసుకున్న నివేదిక రాసింది ఎవరో కాదు, మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం దివ్యాంగుల అధ్యయన కేంద్రం. వీడియో గేమ్ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. కానీ ఏది తప్పనిసరి, ఏది క్రమంగా పెంచుకోవాల్సింది అని విడదీసిన ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. నా లెక్కలో మొదటి రకంలోకి వచ్చేవి నాలుగు: రంగుతో పాటు ఆకారం, సైజు మార్చుకోగల సబ్‌టైటిల్స్, జరుపుకోగల బటన్లు, పట్టుకోవడానికి బదులు నొక్కడం. మిగతావన్నీ తీరికగా రావచ్చు.

హెచ్‌ఐసీసీలో ఏళ్ల తరబడి గేమ్ డెవలపర్ల సదస్సులు జరిగాయి. ఈ హాల్లో కూర్చున్న స్టూడియోల వాళ్లను ఒక్కటి అడుగుతాను. మీ తరువాతి ఆటకు దివ్యాంగ టెస్టర్లను పిలవండి. విడుదలకు ముందు వారం మెచ్చుకోలు వీడియో కోసం వద్దు, కాగితం మీద బటన్లు గీస్తున్న మొదటి నెలలోనే పిలవండి. మిగతా టెస్టర్లకు గంటకు ఎంత ఇస్తారో వాళ్లకూ అంతే ఇవ్వండి. వాళ్లు రాసిన టికెట్‌ని మూసేటప్పుడు, ఎందుకు మూస్తున్నారో వాళ్లకు ఒక వాక్యం రాసి పంపండి.